పోర్టికో గచ్చు మీద ఇంజన్ ఆయిల్ మచ్చలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బైకు, కారు నిలిపే చోట సిమెంటు గచ్చు మీద పడే నల్లటి ఆయిల్ మచ్చల గురించే ఈ పేజీ. ఎక్కువ మంది అడిగేది పాత మచ్చల గురించి కాబట్టి ఆ సమాధానం పొడుగ్గా ఉంటుంది. ఇప్పుడే ఆయిల్ కారి ఉంటే రెండో ప్రశ్న చదివి ముందు ఆ పని చేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

సబ్బుపొడి వేసి ఎన్నిసార్లు తోమినా మచ్చ అలాగే ఉంటోంది. ఎందుకు?

మీరు తోముతున్నది గచ్చు పైభాగాన్ని. ఆయిల్ ఉన్నది లోపల.

సిమెంటు కలిపేటప్పుడు పోసే నీళ్లన్నీ సిమెంటులో కలిసిపోవు. మిగిలినవి మెల్లగా ఆవిరైపోయి, అవి ఉన్న చోట కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు మిగులుతాయి. నీరు అనే పలచటి సిమెంటు పూత పట్టి నున్నగా రుద్దిన గచ్చులో ఇవి తక్కువ. గరుకుగా వదిలేసిన కాంక్రీటులో ఎక్కువ. ఆయిల్ పడగానే ఈ రంధ్రాలు దాన్ని లోపలికి లాక్కుంటాయి. ఎండాకాలంలో ఆయిల్ పలచబడుతుంది కాబట్టి ఇంకా త్వరగా దిగుతుంది. ఇంజన్ ఆయిల్ ఆవిరైపోయేదీ కాదు, ఆరి పొడిగా మారేదీ కాదు. దిగిన చోటే ఉండిపోతుంది. పైన కడిగి శుభ్రం చేసినా, రెండు రోజుల తర్వాత లోపలి ఆయిల్ మళ్లీ పైకి వచ్చి మచ్చ తేలుతుంది. "మచ్చ తిరిగి వచ్చింది" అని చాలామంది అనేది దీన్నే. నిజానికి అది ఎక్కడికీ పోలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. వాడిన ఇంజన్ ఆయిల్ నల్లగా ఉండటానికి కారణం ఇంజన్‌లో ఇంధనం మండినప్పుడు వచ్చే మసి. మచ్చలో ఆయిల్ ఒకటి, ఈ మసి ఒకటి. ఆయిల్ పూర్తిగా లాగేసినా రంధ్రాల్లో ఇరుక్కున్న మసి వల్ల లేత బూడిద రంగు నీడ కొంతకాలం మిగలొచ్చు. అది జారదు, చెప్పులకు అంటదు, ఎండకూ వానకూ నెమ్మదిగా తగ్గుతుంది. పని మొదలుపెట్టే ముందే ఈ తేడా తెలిస్తే, ఆ చివరి నీడ కోసం యాసిడ్ పోసి గచ్చు పాడుచేసుకోరు.

ఇప్పుడే ఆయిల్ కారింది. వెంటనే ఏం చేయాలి?

నీళ్లు పోయకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నీళ్లు పోస్తే ఆయిల్ తేలి, జానెడు మచ్చ కాస్తా మూరెడు అవుతుంది. గుడ్డతో రుద్దకండి కూడా. రుద్దితే రంధ్రాల్లోకి మీరే తోసినట్టు అవుతుంది.

పాత న్యూస్‌పేపర్‌నో, పనికిరాని నూలుబట్టనో మచ్చ మీద పరిచి పైన అదిమి, ఎత్తేయండి. తడి తేలుతున్నంతసేపు కొత్త కాగితం మార్చండి. తర్వాత మచ్చ మొత్తం కనిపించకుండా రంపపు పొట్టు అంగుళం మందాన వేసి, పాత చెప్పులతో బాగా తొక్కండి. పొట్టు ఆయిల్‌కు తగలకుండా వదులుగా పడి ఉంటే ఏమీ పీల్చదు, అందుకే తొక్కాలి. గంటలో పొట్టు నల్లబడితే ఊడ్చేసి కొత్తది వేయండి. రెండోసారి వేసినది రాత్రంతా ఉంచేయండి.

పొద్దున ఊడ్చాక మిగిలేది పలచటి మచ్చ మాత్రమే. దానికి సబ్బుపొడి, వాషింగ్ సోడా చాలు. ఆ పద్ధతి కింద వేరే ప్రశ్నలో ఉంది.

రంపపు పొట్టు లేదు. ఇంట్లో ఉన్నవాటిలో ఏది వాడొచ్చు?

కట్టెల పొయ్యి బూడిద చాలా బాగా పనిచేస్తుంది. మెత్తగా ఉంటుంది, పైగా దానికి కొంచెం క్షారగుణం ఉంది. రైస్‌మిల్లు దగ్గర దొరికే ఊక బూడిద ఇంకా మంచిది, దాని నిండా సన్నటి రంధ్రాలే. మెత్తటి ముగ్గుపిండి కూడా పనికొస్తుంది. చేతిలోకి తీసుకుని చూడండి, ఇసుకలా గరగరలాడే ముగ్గు అయితే పెద్దగా పీల్చదు.

రెండు వాడకండి. ఒకటి పచ్చి ఊక. దాని పైపొర గట్టిది, ఆయిల్‌ను సరిగ్గా పట్టుకోదు. రెండోది తవుడు. తవుడులోనే నూనె ఉంటుంది, అందులోంచే వంటనూనె తీస్తారు. నూనె మరక మీద తవుడు వేస్తే చీమలను పిలిచినట్టే. గుల్లసున్నం కూడా వద్దు. తడి తగిలితే వేడెక్కుతుంది, కళ్లలో పడితే ప్రమాదం.

ముందు లీకు ఆపాలా, మచ్చ తీయాలా?

లీకు ఆపాలి. రోజూ నాలుగు చుక్కలు పడుతుంటే మీ కష్టమంతా వృథా. ఎక్కడి నుంచి కారుతోందో తెలియకపోతే రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి, టైర్లు ఎక్కడున్నాయో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. పొద్దున చుక్కలు ఇంజన్ కిందా, వెనక చక్రం దగ్గరా, ముందు రేడియేటర్ కిందా అన్నది అట్ట మీదే కనిపిస్తుంది. ఆ అట్ట మెకానిక్‌కు చూపిస్తే సగం పని అయినట్టే.

రంగు, జిగురు కూడా చూడండి. నల్లగా లేదా గోధుమ రంగులో, వేళ్ల మధ్య జారుతుంటే ఇంజన్ ఆయిల్. బైకుల్లో ఎక్కువగా ఆయిల్ మార్చాక డ్రెయిన్ బోల్టు వాషర్ సరిగ్గా కూర్చోకపోవడం వల్ల కారుతుంది. వెనక చక్రం దగ్గర గోడ వైపు చిమ్మినట్టు చిన్న చుక్కలుంటే అది చైను మీద కొట్టిన ఆయిల్, లీకు కాదు. పచ్చగానో ఎర్రగానో నీళ్లలా ఉంటే కూలెంట్. అది నీళ్లతోనే పోతుంది, కానీ తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, వాటికి అది విషం. వెంటనే తుడిచేయాలి. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా నీళ్లకు పోయేదే. అయితే చక్రం లోపలి వైపు నుంచి అది కారుతుంటే మచ్చ సంగతి వదిలేసి, ఆ బండి నడపకుండా ముందు మెకానిక్‌ను పిలవండి. కారు ఏసీ కింద పడే శుభ్రమైన నీళ్లకు కంగారు అక్కర్లేదు.

మచ్చ రెండు మూడు వారాలది. సబ్బుపొడితో పోతుందా?

చాలావరకు పోతుంది, సరైన వరసలో చేస్తే.

ముందు మచ్చ మీద బట్టల సబ్బుపొడి పొడిగానే చల్లండి. ఒక లీటరు బాగా వేడి నీళ్లలో 50 గ్రాముల వాషింగ్ సోడా కరిగించండి. ఇది వంటసోడా కాదు, కిరాణా షాపుల్లో బట్టలకని అమ్మేది. ఆ నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో తోమండి. ఇనుప బ్రష్ వద్దు. దాని తీగలు విరిగి గచ్చులో ఇరుక్కుని, తర్వాత తుప్పు మచ్చలవుతాయి. బ్రష్‌ను అంచుల నుంచి మధ్యకు నడపండి, లేకపోతే మచ్చ పెరుగుతుంది.

తోమాక వెంటనే కడిగేయడం చాలామంది చేసే తప్పు. ఆ నురగను 20 నిమిషాలు అలాగే ఉంచాలి. మధ్యలో ఆరిపోతుంటే కొంచెం వేడి నీళ్లు చల్లాలి. సబ్బు చేసే పని ఆయిల్‌ను సన్న బిందువులుగా విడగొట్టి నీళ్లలో పట్టి ఉంచడం. దానికి సమయం కావాలి, వేడి కావాలి. తర్వాత ఆ నల్లటి నురగను పాత బట్టతోనో స్పాంజితోనో పీల్చి బకెట్లోకి పిండేయండి. పైపుతో కొట్టేస్తే, విడగొట్టిన ఆయిలంతా పక్కనున్న శుభ్రమైన గచ్చులోకి వెళుతుంది. పీల్చాక చివరగా ఒకసారి మామూలు నీళ్లతో కడిగి, ఆ నీళ్లూ తీసేయండి.

రెండోసారి చేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. రెండుసార్లకూ మచ్చ మారకపోతే ఆపేయండి. ఆయిల్ బ్రష్ అందే లోతు దాటిపోయిందని అర్థం.

నెలల తరబడి ఉన్న పాత మచ్చకు దారి ఏమిటి?

పట్టు వేయడం. తలనొప్పికి శొంఠి పట్టు వేసినట్టు, మచ్చ మీద మెత్తటి పొడిని ముద్దగా చేసి పూసి, ఆరనిస్తారు. పాత రాతి కట్టడాల మరకలు తీయడానికి కూడా వాడే పద్ధతి ఇదే. దీనికి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఇది ఎలా పనిచేస్తుందో ముందు అర్థం చేసుకోండి, అప్పుడు తప్పు జరగదు. ముద్దలోని టర్పెంటైన్ గచ్చు రంధ్రాల్లోకి దిగి పాత ఆయిల్‌ను పలచగా కరిగిస్తుంది. తర్వాత ముద్ద పైనుంచి ఆరడం మొదలవుతుంది. ఆరుతున్న పొడి కింద ఉన్న ద్రవాన్ని పైకి లాగుతుంది, ఆ ద్రవంతో పాటే ఆయిలూ పైకి వస్తుంది. టర్పెంటైన్ ఆవిరైపోతుంది, ఆయిల్ పొడిలో ఉండిపోతుంది. అంటే మచ్చను తీసేది ముద్ద తడిగా ఉన్న సమయం ఒక్కటే కాదు, అది ఆరే సమయం కూడా. ముద్ద ఇంకా తడిగా ఉండగానే గీకేస్తే, సగం దారిలో ఉన్న ఆయిల్‌ను మళ్లీ కిందికి వదిలినట్టే.

ఉదాహరణకు బైకు నిలిపే చోట 30 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి మచ్చ, ఆరునెలల పాతది, నీరు పట్టిన మామూలు సిమెంటు గచ్చు అనుకుందాం.

మొదటి రోజు పైన చెప్పిన సోడా పద్ధతిలో ఒకసారి తోమి, పైనున్న జిడ్డు, దుమ్ము తీసేయండి. తర్వాత కనీసం ఒక పూర్తి రోజు, వానాకాలం అయితే రెండు రోజులు గచ్చును ఎండనివ్వండి. రంధ్రాల్లో నీళ్లుంటే టర్పెంటైన్ లోపలికి దిగదు.

సామాను: మెత్తటి చాక్ పౌడర్ కిలోంబావు, పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ అర లీటరు (టర్పెంట్ ఆయిల్ అన్నా ఇస్తారు), మందపాటి పాలిథిన్ షీటు, అంటించడానికి ప్యాకింగ్ టేపు, లప్పం పెట్టే ప్లాస్టిక్ పట్టీ, రబ్బరు గ్లౌజులు. పొడి తెల్లగా ఉంటేనే మంచిది, ఎంత ఆయిల్ పైకి వచ్చిందో రంగును బట్టి తెలుస్తుంది.

పాత ఇనుప బేసిన్‌లో పొడి వేసి టర్పెంటైన్ కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. గరిటెతో తీసి గచ్చు మీద పెడితే పక్కలకు పారకుండా నిలవాలి, కానీ పూస్తే పగుళ్లు రాకూడదు. అర లీటరూ పట్టకపోవచ్చు. మచ్చ మీద, మచ్చ అంచులు దాటి చుట్టూ మరో 5 సెంటీమీటర్ల వరకు, దాదాపు 8 మిల్లీమీటర్ల మందాన పూయండి. అంచులు దాటి పూయకపోతే కరిగిన ఆయిల్ పక్కకు జరిగి ఉంగరంలా కొత్త మచ్చ కడుతుంది. పట్టు వేసిన తర్వాత మచ్చ చుట్టూ నల్లటి గీత కనిపిస్తే కారణం ఇదే.

పైన పాలిథిన్ కప్పి అంచులకు టేపు వేయండి. ఒక పగలూ ఒక రాత్రీ అలాగే ఉండాలి. లోపలి ఆయిల్ కరగడానికి ఆ సమయం. మర్నాడు షీటు తీసేసి, ముద్ద పూర్తిగా ఎండి పొడిపొడిగా రాలే వరకు వదిలేయండి. నీడలో ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఎండాక ప్లాస్టిక్ పట్టీతో గీకి తీయండి. ముద్ద అడుగుభాగం గోధుమ రంగులోకి మారి ఉంటే పట్టు పనిచేసింది. తెల్లగానే ఉంటే లోపల తీయడానికి ఆయిల్ లేదనో, గచ్చు తడిగా ఉండిందనో అర్థం.

చివరగా సబ్బు నీళ్లతో తోమి, పీల్చి, ఆరనివ్వండి. ఆరునెలల మచ్చకు ఒక్క పట్టు సరిపోతే అదృష్టమే. మామూలుగా రెండోది కావాలి. రెండోసారి అడుగు రంగు మొదటిదానికన్నా లేతగా ఉంటే సరైన దారిలో ఉన్నట్టు.

టర్పెంటైన్ ప్రమాదం కాదా?

జాగ్రత్త లేకపోతే ప్రమాదమే. మంట అంటుకునే ఆవిరి రావడానికి దానికి 30–40 డిగ్రీల వేడి చాలు. మే నెల మధ్యాహ్నం ఎండ పడే గచ్చు అంతకన్నా చాలా ఎక్కువ కాలుతుంది. కాబట్టి ఎండ పడని చోట, పొద్దున్నే చేయండి. పట్టు ఉన్నన్ని రోజులు అక్కడ బైకు స్టార్ట్ చేయకూడదు, బీడీ సిగరెట్లు కాల్చకూడదు. మన ఇళ్లలో తులసికోట, గడప పోర్టికో పక్కనే ఉంటాయి. ఆ రోజుల్లో దీపం, అగరుబత్తి ఇంటి లోపల పెట్టుకోండి. దీపావళి వారంలో ఈ పని అసలు పెట్టుకోవద్దు. అన్ని వైపులా మూసి ఉన్న సెల్లార్ పార్కింగులో కూడా వద్దు, ఆవిరి బయటికి పోయే దారి ఉండదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో టర్పెంటైన్‌కు బదులు సబ్బుతో పట్టు వేయొచ్చు. లీటరు వేడి నీళ్లలో 100 గ్రాముల వాషింగ్ సోడా, రెండు చెంచాల గిన్నెల లిక్విడ్ కలిపి, ఆ నీళ్లతో పొడిని ముద్ద చేసి అదే విధంగా పూయాలి, కప్పాలి, ఆరనివ్వాలి. దీని శక్తి తక్కువ. పాత మచ్చకు మూడు నాలుగు పట్లు పట్టొచ్చు. కానీ మంట భయం లేదు. సోడా చేతులను మంటపుట్టిస్తుంది కాబట్టి గ్లౌజులు మాత్రం దీనికీ కావాలి.

యాసిడ్ పోస్తే పోతుందని షాపులో చెప్పారు. నిజమేనా?

కాదు. దయచేసి పోయకండి.

బాత్రూమ్ యాసిడ్ అని అమ్మేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది ఆయిల్‌ను కరిగించదు. కరిగించేది సిమెంటును. పోయగానే బుసబుసమని పొంగుతుంది, అది చూసి మచ్చ పోతోందని అనుకుంటారు. ఆ పొంగు సిమెంటులోని సున్నం కరుగుతున్నప్పుడు వచ్చే గ్యాసు. ఇంకా చెప్పాలంటే ఆయిల్ నిండా పీల్చుకున్న చోట యాసిడ్ లోపలికి దిగలేదు, ఆయిల్ దాన్ని అడ్డుకుంటుంది. అందుకని మచ్చ అలాగే ఉండి, దాని చుట్టూ ఉన్న మంచి గచ్చు తినేసుకుపోతుంది. నున్నటి నీరు పొర పోయి ఇసుక తేలుతుంది. అలా గరుకైన గచ్చు రేపు పడే ఆయిల్‌ను ఇంకా త్వరగా పీల్చుకుంటుంది.

యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. ఊపిరితిత్తులకు అది చాలా ప్రమాదం. ఒకటి పోసి కడిగాక రెండోది ప్రయత్నిద్దాం అనుకోవడం కూడా మంచిది కాదు, గచ్చు రంధ్రాల్లో మొదటిది మిగిలే ఉంటుంది. అసలు బ్లీచింగ్‌కు ఆయిల్ మీద ఏ ప్రభావమూ లేదు. నిమ్మరసం, వెనిగర్, కూల్‌డ్రింకులు కూడా బలం తక్కువైన యాసిడ్లే, వాటితోనూ ఇంజన్ ఆయిల్ కరగదు.

కిరోసిన్, డీజిల్, పెట్రోల్‌తో తుడిస్తే?

చేతికి అంటిన గ్రీజు కిరోసిన్‌తో పోతుంది కదా అని గచ్చు మీదా పోస్తారు. చెయ్యి వేరు, గచ్చు వేరు. కిరోసిన్ ఆయిల్‌ను కరిగించే మాట నిజమే, కానీ కరిగించి ఇంకా లోతుకు, ఇంకా వెడల్పుకు తీసుకుపోతుంది. పైకి లాగే పొడి లేకుండా ఏ ద్రావకం పోసినా ఇదే జరుగుతుంది. టర్పెంటైన్‌ను కూడా నేరుగా పోయకూడదు. డీజిల్ అయితే అదే ఒక కొత్త మచ్చ.

పెట్రోల్ మాట ఎత్తకండి. దాని ఆవిరి చలికాలంలో కూడా నిప్పురవ్వకు అంటుకుంటుంది, నేల వెంట పాకుతూ దూరంగా ఉన్న మంట దాకా వెళ్తుంది.

కాస్టిక్ సోడా వాడమంటున్నారు. దీపపు నూనె మరకలకు బాగా పనిచేసిందట.

దీపపు నూనెకు పనిచేసి ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌కు పనిచేయదు. ఈ రెండూ వేరు వేరు పదార్థాలు. నువ్వులనూనె, ఆముదం, కొబ్బరినూనె లాంటివి క్షారంతో కలిస్తే సబ్బుగా మారతాయి, సబ్బు నీళ్లతో పోతుంది. ఇంజన్ ఆయిల్ భూమిలోంచి తీసిన ముడి చమురు నుంచి వచ్చింది, ఎంత క్షారం పోసినా సబ్బు కాదు.

దీపపు నూనెకైనా కాస్టిక్ దాకా వెళ్లనక్కర్లేదు. అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. తులసికోట చుట్టూ, గడప దగ్గర పడే నూనెకు లీటరు మరిగే నీళ్లలో 100 గ్రాముల వాషింగ్ సోడా కలిపి పోసి, అరగంట ఆగి తోమితే చాలు. ఏళ్ల తరబడి పేరుకుని జిగురుగా గట్టిపడిన నూనె ఉంటే ముందు ప్లాస్టిక్ పట్టీతో ఆ పొర గీకి, తర్వాత సోడా నీళ్లు పోయండి. వంటనూనె మరకను అలా వదిలేయడం గచ్చుకు మంచిది కాదు కూడా. దానిలోని ఆమ్లాలు సిమెంటులోని సున్నాన్ని నెమ్మదిగా తింటాయి. ఈ ఒక్క విషయంలో ఇంజన్ ఆయిల్ కన్నా దీపపు నూనే ఎక్కువ నష్టం చేస్తుంది.

మాది రెడ్ ఆక్సైడ్ గచ్చు. పక్కన కొంత నాపరాయి కూడా ఉంది.

రెడ్ ఆక్సైడ్ గచ్చులో రంగు పైపొరలోనే ఉంటుంది. గట్టిగా తోమితే మచ్చ కన్నా ముందు రంగు, నునుపు పోతాయి. అందుకని బ్రష్ పని తగ్గించి, నేరుగా పట్టుకే వెళ్లండి. పాత గచ్చుల మీద మైనం పాలిష్ ఉంటుంది, టర్పెంటైన్ దాన్ని తీసేస్తుంది. ఎవరికీ కనిపించని మూల అరచేతి మేర పట్టు వేసి, ఆరాక చూసుకుని తర్వాత మచ్చ దగ్గరికి రండి. పాలిష్ పోయిన చోట మళ్లీ మైనం పట్టిస్తే కలిసిపోతుంది.

తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాయే. సిమెంటుకు చెప్పిన యాసిడ్ హెచ్చరిక వీటికి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది, ఒక్క చుక్కకే మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. రాయి మీద పట్టు బాగానే పనిచేస్తుంది. బండల మధ్య సందుల్లో ఉన్న సిమెంటే మొండిది, దాని దగ్గర ముద్దను కొంచెం మందంగా పూయండి.

ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చుకుంటే సులువు కదా?

పైన పేరుకున్న గ్రీజుకు, బురదకు సులువే. లోపలికి దిగిన ఆయిల్‌కు కాదు. చల్లటి నీళ్లు ఎంత ఒత్తిడితో కొట్టినా ఆయిల్ నీళ్లలో కలవదు. ముక్కును గచ్చుకు మరీ దగ్గరగా పెడితే నీరు పొర లేచిపోయి చారలు పడతాయి. సోడా, సబ్బు వేసి నానబెట్టి, నురగ తీసేశాక చివరి కడుగుడుకు మాత్రం వాడుకోవచ్చు.

ఆయిల్ నిజంగా పోయిందని ఎలా తెలుస్తుంది?

గచ్చు పూర్తిగా ఆరాక మచ్చ ఉన్న చోట ఒక చెంచా నీళ్లు పోయండి, పక్కన శుభ్రమైన చోట మరో చెంచా. రెండు చోట్లా నీళ్లు ఒకేలా ఇంకి గచ్చు ముదురు రంగుకు మారితే ఆయిల్ పోయినట్టే. మచ్చ చోట నీళ్లు ముత్యాల్లా నిలబడితే లోపల ఇంకా ఉంది. కంటికి కనిపించే రంగును బట్టి నిర్ణయించకండి. ముందే చెప్పిన మసి నీడ ఉన్నా నీళ్లు ఇంకుతుంటే మీ పని అయిపోయింది. ఈ పరీక్ష పట్టు ఆరిన రోజే కాకుండా వారం తర్వాత ఇంకోసారి చేయండి, లోతులో మిగిలింది ఏమైనా ఉంటే ఆలోపు పైకి వస్తుంది.

ఇంత కష్టం ఎందుకు, మచ్చ మీద సిమెంటు పూసేస్తే? లేదా పెయింట్?

రెండూ లేచిపోతాయి. కొత్త సిమెంటు పాతదానికి అతుక్కోవాలంటే దాని తడి పాత గచ్చు రంధ్రాల్లోకి దిగాలి. అక్కడ ఆయిల్ ఉంటే దిగదు. కొన్ని నెలల్లో అప్పడంలా ఊడి వస్తుంది, తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. ఎపాక్సీ పెయింట్ అయినా అంతే, వేడి టైరు నిలిపి తీసినప్పుడు టైరుతో పాటు పొర లేస్తుంది. పూయాలనే నిర్ణయించుకుంటే పైన చెప్పిన నీళ్ల పరీక్ష నెగ్గాకే పూయండి. ఎన్ని పట్లు వేసినా నెగ్గకపోతే, ఆయిల్ దిగినంత లోతు ఆ ముక్కను చెక్కించి కొత్త కాంక్రీటు వేయించడం తప్ప వేరే దారి లేదు.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ గరాజ్‌లో రంపపు పొట్టు, ముగ్గుపిండి దొరకవు.

మీకు ఇంకా సులువు. పిల్లుల కోసం అమ్మే మట్టి లిట్టర్‌లో గడ్డకట్టని రకం కొనండి. తాజా ఆయిల్‌పై పోసి తొక్కితే రంపపు పొట్టు చేసే పనే చేస్తుంది. వాషింగ్ సోడా బట్టల సామాన్ల వరసలో, మినరల్ స్పిరిట్స్ పెయింట్ వరసలో దొరుకుతాయి. టర్పెంటైన్ స్థానంలో అది వాడొచ్చు. ఒక్క తేడా గుర్తుంచుకోండి. అక్కడి గరాజ్‌లు చాలావరకు ఇంటికి ఆనుకుని ఉంటాయి, చాలా ఇళ్లలో వాటర్ హీటర్ కూడా అక్కడే ఉంటుంది. గ్యాస్ మంటతో నడిచే హీటర్ ఉంటే ద్రావకంతో పట్టు వద్దు, సబ్బు పట్టే వేయండి. చలికాలంలో గరాజ్ తలుపు మూసి పని చేయడం కూడా వద్దు.

పీల్చిన పొట్టు, మురికి నీళ్లు ఎక్కడ పారేయాలి?

మన ఇళ్లలో పోర్టికో కడిగిన నీళ్లు చాలాచోట్ల ఇంకుడు గుంతలోకి వెళ్లేలా వాలు ఉంటుంది. ఆయిల్ నీళ్లు అందులోకి వెళితే నేరుగా మీ బోరు పక్కనున్న నేలలోకి ఇంకినట్టే. పని మొదలుపెట్టే ముందు ఆ దారికి గుడ్డలు అడ్డం పెట్టండి, నీళ్లన్నీ బకెట్లోకే పీల్చండి. వీధి కాలువలో పోయడం, మొక్కలకు పోయడం కూడా చేయకండి.

బకెట్లోని మురికి నీళ్లలో మిగిలిన పొట్టో బూడిదో కలిపేస్తే ఆయిల్ చాలావరకు దానికి పట్టేస్తుంది. ఆ ముద్దను, ఎండిన పట్టు పొడిని మూత ఉన్న పాత డబ్బాలో వేసి, చెత్త బండి వచ్చినప్పుడు పెయింట్ డబ్బాలు, పాత బ్యాటరీల లాంటి ప్రమాదకర చెత్తతో వేరుగా ఇవ్వండి. టర్పెంటైన్ తడి ఉన్న పొడిని అలా మూసి పెట్టకండి, ముందు బయట నీడలో పూర్తిగా ఎండనివ్వండి. పొట్టుకు నిప్పు పెట్టి వదిలించుకోవాలని చూడొద్దు. ఎక్కువ పాత ఆయిల్ డబ్బాలో మిగిలి ఉంటే మీరు సర్వీసింగ్ చేయించే వర్క్‌షాపులో అడగండి, వాళ్ల దగ్గర వాడిన ఆయిల్ తీసుకుపోయేవాళ్లు ఉంటారు.

మళ్లీ మచ్చ పడకుండా గచ్చుకు ఏదైనా పూయొచ్చా?

నీళ్ల పరీక్ష నెగ్గిన గచ్చుకు కాంక్రీటు సీలర్ పూయొచ్చు. అడిగేటప్పుడు ఆయిల్‌ను కూడా ఆపుతుందా అని డబ్బా మీద చూసి కొనండి, నీళ్లను మాత్రమే ఆపే రకాలు చాలా ఉన్నాయి. సీలర్ ఆయిల్‌ను శాశ్వతంగా ఆపదు, లోపలికి దిగే వేగాన్ని తగ్గించి మీకు తుడుచుకునే సమయం ఇస్తుంది. కొత్తగా వేసిన గచ్చు అయితే కనీసం 28 రోజులు ఆగి, పూర్తిగా ఆరాకే పూయాలి.

పాత బండి ఉన్నవాళ్లకు సీలర్ కన్నా చవకైన ఏర్పాటు ఒకటి ఉంది. ఇంజన్ కింద పడేలా అంచులున్న రేకు ట్రే పెట్టి, అందులో రెండు గుప్పెళ్ల రంపపు పొట్టు వేసి ఉంచండి. నెలకోసారి పొట్టు మారుస్తుంటే చాలు, పొట్టు మీద కొత్త చుక్కలు ఎక్కువయ్యాయంటే బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే సమయం వచ్చిందని కూడా దాన్ని బట్టే తెలుస్తుంది.